నెయ్యి డబ్బా వెనక్కి తిప్పితే

నెయ్యి కొనేటప్పుడు మనవాళ్లు ముందు చూసేది పూస. సీసా ఎత్తి వెలుతురుకు పట్టుకుని, అడుగున రవ్వలా పూస కట్టి, పైన పసుపుపచ్చగా నెయ్యి తేటపడి ఉంటే ఇక అనుమానించరు. ఆ చూపుకు కారణం లేకపోలేదు. ఇంట్లో వెన్న కాచి వడగట్టి గిన్నెలో వదిలేస్తే మర్నాటికి నెయ్యి అలాగే పేరుకుంటుంది. కానీ కొట్లో కొనే సీసా దగ్గర ఈ గుర్తు నమ్మకూడదని నేను గట్టిగా చెబుతాను.

పూస కట్టడం చల్లారే తీరును బట్టి ఉంటుంది. నెయ్యిలో రకరకాల కొవ్వులుంటాయి. నిదానంగా చల్లారితే వాటిలో త్వరగా గడ్డకట్టేవి ముందు గింజలుగా చేరతాయి, మిగిలినవి ద్రవంగా పైన నిలుస్తాయి. అదే నెయ్యిని వేడి తగ్గకముందే ఫ్రిజ్‌లో పెడితే పూస లేకుండా నున్నగా గడ్డకడుతుంది. అంటే పూస లేని మంచి నెయ్యి ఉంటుంది. ఇటు వనస్పతి చేసేవాళ్లకూ ఈ సంగతి బాగా తెలుసు. నింపిన డబ్బాలను తగిన వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లారనిచ్చి, కొనేవాళ్లకు నచ్చే పూస తెప్పిస్తారు. అందువల్ల పూస ఉన్న వనస్పతీ ఉంటుంది.

రంగు కూడా అంతే. తెల్లగా ఉంటే డాల్డా కలిసిందని చాలామంది అనుమానపడతారు. మన పల్లెల్లో పాడి ఎక్కువగా గేదెలదే, గేదె నెయ్యి సహజంగానే తెలుపు. మేతలోని పసుపుపచ్చ కెరోటిన్‌ను గేదె తన ఒంట్లో విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది. ఆవు కొంత కెరోటిన్‌ను అలాగే పాల కొవ్వులోకి వదులుతుంది, అందుకే ఆవు నెయ్యికి ఆ పసుపు. తెల్లటి గేదె నెయ్యిని కల్తీ అనడం ఆ పాడి రైతుకు అన్యాయం చేయడమే. కరగడం చూసి కూడా తేల్చలేం. వనస్పతి 31 నుంచి 41 డిగ్రీల మధ్య కరిగేలా ఉండాలని నియమం. మన మే నెల ఎండకు నెయ్యీ నీరవుతుంది, వనస్పతీ నీరవుతుంది.

మరి దేన్ని చూడాలి? డబ్బా వెనక్కి తిప్పాలి.

మొన్న మా వీధి చివరి కిరాణా కొట్లో మా వదిన ఒక డబ్బా తీసి, "చూడమ్మా, పూస ఎంత బాగా కట్టిందో. పైగా నెయ్యి ధరలో సగం కూడా లేదు" అంది. బంగారు రంగు మూత, పచ్చిక మీద ఆవు బొమ్మ, పెద్ద అక్షరాల్లో తెలుగులో బ్రాండు పేరు. నెయ్యి అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలునని నియమం, తెలుగులో రాయడం కంపెనీ ఇష్టం. కాబట్టి ఆశపెట్టే మాటలు మన భాషలో పెద్దగా ఉంటాయి, నిజం చెప్పే వరుసలు ఇంగ్లిష్‌లో చిన్నగా ఉంటాయి. ఇంగ్లిష్ చదవడం రాని పెద్దవాళ్లు నష్టపోయేది ఇక్కడే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆ డబ్బా మీద ఇంగ్రీడియెంట్స్ వరుస చదివాను. రిఫైన్డ్ పామ్ ఆయిల్, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఆయిల్, సీసమ్ ఆయిల్, విటమిన్ ఎ, విటమిన్ డి. బరువులో ఎక్కువగా ఉన్నది ముందు రాయాలి కనుక మొదటి మాటే సంగతి చెప్పేసింది. అసలు నెయ్యి అయితే అక్కడ మిల్క్ ఫ్యాట్ అని, లేదా ఆవు పాలదో గేదె పాలదో చెబుతూ ఒక్క ముక్క ఉంటుంది. నెయ్యి అని రాయాలంటే అందులో కనీసం 99.5 శాతం పాల కొవ్వే ఉండాలి. ఇంకో నూనెకు చోటే లేదు.

"నువ్వుల నూనె మంచిదేగా, అది కూడా వేశారు" అంది వదిన. అది రుచికో ఆరోగ్యానికో వేసింది కాదు. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని చట్టమే చెబుతుంది. నెయ్యిలో వనస్పతి కలిపితే పట్టుబడాలని పెట్టిన ఆనవాలు అది. ల్యాబ్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఫర్‌ఫురాల్ వేసి కలిపితే నువ్వుల నూనె ఉన్న కొవ్వు ఎర్రబడుతుంది. బాడోయిన్ పరీక్ష అంటారు. విటమిన్ ఎ కలపడం కూడా వనస్పతికి ఉన్న నియమమే. తెల్లటి గడ్డ కొవ్వు మీద ఈ రెండు పేర్లూ కలిసి కనబడితే అది వనస్పతి అనుకోవడానికి సందేహించనక్కర్లేదు. ఈమధ్య కొన్నిటి మీద హైడ్రోజినేటెడ్ బదులు ఇంటర్‌ఎస్టెరిఫైడ్ అని ఉంటోంది. కొవ్వును గట్టిపరిచే పద్ధతి వేరు, నూనె మాత్రం అదే.

ఇంకొక వరుస ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పోషకాల పట్టికలో కొలెస్ట్రాల్. అది జంతువుల కొవ్వులోనే చెప్పుకోదగ్గంత ఉంటుంది. నెయ్యిలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటుంది. మా వదిన పట్టుకున్న డబ్బా మీద సున్నా. ఆ సున్నాను మేలైన గుణంగా ముందువైపు కూడా అచ్చేశారు. పాల కొవ్వు లేదని వాళ్లే ఒప్పుకున్నట్టయింది. ఆకుపచ్చ చుక్క మాత్రం ఈ పనికి రాదు, నెయ్యికీ వనస్పతికీ రెండింటికీ అదే ఉంటుంది.

వెన్న దగ్గర ఇదే పట్టికలో మొత్తం కొవ్వు చూస్తే చాలు. ఉప్పు వేసిన టేబుల్ బటర్‌లో పాల కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, మిగిలింది చాలావరకు నీరు. పక్కనే అదే రంగు, అదే ఆకారం డబ్బాలో ఫ్యాట్ స్ప్రెడ్ అని ఉంటుంది. అందులో వంటనూనెలు ఉండొచ్చు, కొవ్వు బాగా తక్కువా ఉండొచ్చు. ఫ్రిజ్‌లోంచి తీయగానే చెంచాకు మెత్తగా వస్తే అది వెన్న కాదు. వెన్న చలికి రాయవుతుంది.

పూజా సామాను దగ్గర పెట్టే దీపారాధన నెయ్యి సంగతి వేరు. వాటిలో చాలావాటి మీద తినడానికి కాదని చిన్నగా రాసి ఉంటుంది, ఆహార లైసెన్సు నంబరు ఉండదు. వాటిని వంటింటి అరలో పెట్టకండి, ఇంట్లో పెద్దవాళ్లు పొరపాటున పప్పులో వేసుకుంటారు.

లేబుల్ చదవడం వల్ల తెలిసేది కంపెనీ రాసినదే. నెయ్యి అని రాసి వేరేది నింపితే కంటికి దొరకదు. నువ్వుల నూనె లేని పామాయిల్ కలిపితే బాడోయిన్ పరీక్షకూ దొరకదు, దానికి ఇంకా పెద్ద పరీక్షలు కావాలి. ఇంట్లో యాసిడ్ పోసి చూడమని చెప్పే సలహాలు పాటించకండి. విడిగా తూచి అమ్మే నెయ్యి మీద అనుమానం వస్తే 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ మనకు దారి ఇచ్చింది. పరీక్ష చేయించుకుంటానని కొనేటప్పుడే కొట్టువాడికి చెప్పాలి, ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు.