మార్వాలో షడ్జం ఎక్కడ?

కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవికి మార్వా మొదట హంసానందిలాగే వినిపిస్తుంది. స్వరాలు అవే. పంచమం లేదు, రిషభం కోమలం, మధ్యమం తీవ్రం. హిందుస్థానీలోనే పూరియా, సోహని కూడా ఈ స్వరాలవే. పూరియా గ, ని పట్టుకుని మంద్రంలో తిరుగుతుంది. సోహని తారషడ్జాన్ని వదలదు. మార్వా నిలిచేది రి మీద, ధ మీద. షడ్జం మీద మాత్రం ఊరికే నిలవదు.

సితార్‌లో ఇది కష్టమైన పని. ఆలాప్‌లో తాళం లేదు, తబలా విద్వాంసుడు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటాడు. వెనుక తంబుర స మోగిస్తూనే ఉంటుంది. వాయించేవాడు మంద్ర నిషాదం మెట్టు మీద తీగను పక్కకు లాగి, స మీద ఆగకుండా దాటి, నేరుగా రి దగ్గర తేలుతాడు. మళ్లీ కిందకు ని, ధ. రి, స పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రి ఎప్పుడు కిందకు దిగుతుందా అని చెవి కాచుకుని ఉంటుంది. ఎంతోసేపటికి గాని స రాదు. వచ్చినా ఒక చిన్న ముగింపు పలుకులో తగిలి పోతుంది. ఆ తర్వాతే గ, తీవ్ర మ మీదుగా మధ్యస్థాయి ధకు ఎక్కడం.

చిక్కు చికారీ తీగలతో. వాటి శ్రుతి షడ్జం. సితార్ నాదం త్వరగా ఆరిపోతుంది కనుక ఖాళీల్లో చికారీ మీటడం అలవాటు. మార్వాలో ఆ ప్రతి మీటూ దాచిపెట్టినదాన్ని బయటపెడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆలాప్‌లో చికారీని తక్కువగా, మెత్తగా మీటుతారు.

జోడ్‌లో నడక మొదలవుతుంది. తబలా ఇంకా రాదు, ఆవర్తమూ ఉండదు, సమమైన లయ మాత్రం ఉంటుంది. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. వేగం దొరకగానే చేయి ని రి గ మ ధ అంటూ పైకీ కిందకీ పరుగెడుతుంది. అప్పుడది మార్వా కావచ్చు, పూరియా కావచ్చు. చేయి ఎక్కడ ఆగుతోందో చూస్తే రాగం ఉందో లేదో తెలిసిపోతుంది.

ఝాలాలో అసలు తీగ మీద ఒక 'దా', చికారీ మీద మూడు 'రా'లు. అంటే నాలుగు మీటుల్లో మూడు షడ్జాలే! దాచడం ఇక కుదరదు. ఆ ఒక్క 'దా' రి మీదో ధ మీదో పట్టుగా పడితేనే మార్వా నిలుస్తుంది. నన్నడిగితే, ఈ రాగానికి ఝాలా పొట్టిగా ఉంటేనే మేలు. చప్పట్ల కోసం సాగదీస్తే చివరికి చెవిలో మిగిలేది షడ్జమే.

ఆపైన గత్. మసీత్‌ఖానీ అయితే తీన్‌తాల్ 12వ మాత్రలో ఎత్తుగడ మొదలై, అయిదు మాత్రలు నడిచి సమ్ మీద పడుతుంది. తబలా అందుకున్న ఉత్సాహంలో చాలామంది గమనించరు గానీ, నా చెవి మాత్రం ఆ సమ్ ఏ స్వరం మీద పడిందా అని వెతుకుతుంది.