పవర్‌కు ఒకటి ఎందుకు కలపాలి?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్ నగర్ సందుల మీదుగా నారాయణగూడ వైపు నడిస్తే, ఎస్సై, కానిస్టేబుల్, ఎస్సెస్సీ, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. వాళ్ల అర్థమెటిక్ నోట్సులో సంఖ్యావ్యవస్థ పాఠం మొదట్లోనే ఉంటుంది. కారణాంకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత అన్న ప్రశ్నలు ఆ పాఠంలోవే. అక్కడ చాలామంది నోట వినిపించే సూత్రం ఒకటే: "పవర్‌కు ఒకటి కలిపి గుణించు." సూత్రం సరైనదే. కానీ ఆ ఒకటి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకపోతే, ప్రశ్న కాస్త మారగానే చేయి ఆగిపోతుంది.

360 తీసుకుందాం. దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే 360 = 2³ × 3² × 5. ఇప్పుడు 360 కారణాంకం ఏదైనా సరే, ఈ మూడు ప్రధాన సంఖ్యలతోనే తయారవ్వాలి. 2ను మూడుసార్ల దాకా వాడుకోవచ్చు, 3ను రెండుసార్ల దాకా, 5ను ఒక్కసారి. అసలు వాడకపోయినా తప్పులేదు. ఆ 'వాడకపోవడమే' మనం కలిపే ఒకటి. దీన్ని మూడు వరుసలుగా రాసుకుంటే కంటికి కనిపిస్తుంది:

1, 2, 4, 8
1, 3, 9
1, 5

ఒక్కో వరుస నుంచి ఒక్కో సంఖ్య ఏరి గుణిస్తే ఒక కారణాంకం వస్తుంది. 4, 3, 5 ఏరితే 60. మూడింటా 1 ఏరితే 1. ఏరే మార్గాలు 4 × 3 × 2 = 24. కాబట్టి కారణాంకాలు 24.

కారణాంకాల మొత్తానికి వేరే సూత్రం అక్కర్లేదు. అవే వరుసలను కూడి గుణిస్తే చాలు: (1+2+4+8) × (1+3+9) × (1+5) = 15 × 13 × 6 = 1170. బ్రాకెట్లు విప్పి చూడండి: ఒక్కో బ్రాకెట్ నుంచి ఒక్కో పదం చొప్పున గుణించుకుంటూ 24 లబ్ధాలు వస్తాయి. అవే మన కారణాంకాలు, ఒక్కొక్కటి ఒక్కసారే. భిన్నంలో ఉండే శ్రేఢి సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు హారంలో తప్పు చేస్తుంటారు. పరీక్షలో వచ్చే చిన్న ఘాతాలకు వరుసను కూడటమే తేలిక.

వరుసలు రాసే అలవాటు విలువ తెలిసేది ప్రశ్న మెలిక తిరిగినప్పుడు. 360కి బేసి కారణాంకాలు ఎన్ని? మొదటి వరుసలో 1 మాత్రమే ఉంచండి: 1 × 3 × 2 = 6. వాటి మొత్తం 13 × 6 = 78. సరి కారణాంకాలు కావాలంటే మొదటి వరుసలోని 1 కొట్టేయండి: 3 × 3 × 2 = 18, మొత్తం 14 × 13 × 6 = 1092. 78, 1092 కలిపితే మళ్లీ 1170. లెక్క సరిపోయిందనడానికి అదే సాక్ష్యం. వర్గ సంఖ్యలైన కారణాంకాలే కావాలంటే మొదటి వరుసలో 1, 4, రెండో దానిలో 1, 9, మూడో దానిలో 1 మిగులుతాయి. అంటే నాలుగే: 1, 4, 9, 36.

తప్పు జరిగేది ఎక్కువగా విడగొట్టడం దగ్గరే. తొందరలో 360ని 4 × 9 × 10గా రాసి, మూడింటికీ పవర్ ఒకటే కదా అని 2 × 2 × 2 = 8 అనేస్తారు. 4లోనూ 10లోనూ 2 దాగి ఉంది. పైగా 4, 9, 10 ప్రధాన సంఖ్యలే కావు. ఆ లెక్కలో 3, 8 లాంటి కారణాంకాలు అసలు పుట్టవు.

ఇంతకంటే మోసం చేసేవి 91, 221, 323 లాంటివి. చూడటానికి ప్రధాన సంఖ్యల్లా ఉంటాయి, కావు. 364ను 2² × 91 దగ్గర ఆపేస్తే కారణాంకాలు 6, మొత్తం 7 × 92 = 644 అని వస్తుంది. నిజానికి 91 అంటే 7 × 13. కాబట్టి కారణాంకాలు 3 × 2 × 2 = 12, మొత్తం 7 × 8 × 14 = 784. ఆప్షన్లలో రెండు జవాబులూ పక్కపక్కనే ఉంటే, తప్పుదాన్ని గుర్తుపెట్టి ధైర్యంగా ముందుకెళ్లిపోతాం. అందుకే చివర మిగిలిన సంఖ్యను దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. 91కి వర్గమూలం 10 లోపే. 2, 3, 5, 7తో చూస్తే చాలు, 7 దగ్గరే దొరికిపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. కారణాంకాలు జతలుగా వస్తాయి: 360లో 8 ఉంటే 45 ఉంటుంది. తనతో తానే జతకట్టేది వర్గమూలం ఒక్కటే. కాబట్టి కారణాంకాల సంఖ్య బేసిగా వస్తే ఇచ్చిన సంఖ్య కచ్చితంగా వర్గ సంఖ్య అయి ఉండాలి. కాకపోతే ఎక్కడో పొరపాటు పడ్డట్టే.

ఈ పాఠానికి సూత్రాల పట్టిక తయారుచేసుకోకండి. రఫ్ పేపర్ మీద వరుసలు రాయండి, ప్రశ్న వద్దన్నవాటిని కొట్టేయండి, మిగిలినవాటిని లెక్కపెట్టండి లేదా కూడండి. సందేహం ఉంటే 720తో చేసి చూడండి: కారణాంకాలు 30, మొత్తం 2418 రావాలి.