గల్లాపెట్టెలో దశాంశ బిందువు

పావలా, అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టప్రకారం ఇంకా చెల్లుతుంది గానీ ఏ కొట్లోనూ తీసుకోరు. అర్ధరూపాయి తిరిగి ఇవ్వాల్సిన చోట ఒక చాక్లెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఇంటి సరుకుల డబ్బు చాలావరకు ఫోన్‌లోంచే వెళ్లిపోతుంది కాబట్టి చిల్లర లెక్కపెట్టుకోవడం చూడని పిల్లలు కూడా ఉన్నారు. లెక్కల పుస్తకం మాత్రం దశాంశాల పాఠానికి రూపాయలు పైసలనే ఉదాహరణగా చూపిస్తోంది. పిల్లవాడికి తెలిసిన దాన్నుంచి తెలియనిదానికి వెళ్లాలన్నది పంతుళ్ల పాత నియమం. ఇక్కడ పైసలే తెలియవు.

అందుకే తరగతిలో కొట్టు పెట్టి ఆడించే పద్ధతికి ఇప్పుడు కొత్త పని పడింది. ఒకప్పుడు అది పిల్లలకు తెలిసిన బజారుకు నకలు. ఇప్పుడు బజారులో లేని పైసలను అట్టముక్కలతో తయారుచేసి, వాటితో చెల్లింపులు జరిగే బజారును మనమే కట్టాలి. మాయమైనవాటిని మళ్లీ తయారుచేసుకోవాలంటే, ఏవి కావాలో, ఏవి అక్కర్లేదో ఎంచుకునే వీలు కూడా మనకే దక్కుతుంది. ఈ ఎంపిక దగ్గరే చాలా బళ్లలో కొట్టు ఆట పక్కదారి పడుతోంది.

ఏడాదికొకసారి బడి ఆవరణలో కూరగాయలు, పల్లీలు, మురుకులు తెచ్చి నిజం డబ్బుతో అమ్మించే సంతలున్నాయి. కర్ణాటకలో మక్కళ సంతె అంటారు, మన దగ్గర మెట్రిక్ మేళా పేరుతో చేస్తుంటారు. పిల్లలకు అది పండగ, కాదనను. కానీ ఆ రోజు ధరలన్నీ ఐదు, పది, ఇరవై రూపాయలే. దశాంశ బిందువుతో పనే పడదు. నేను చెప్పేది తరగతి మూలన రెండు బల్లలు కలిపి పెట్టి, ఖాళీ సబ్బు పెట్టెలు, టీపొడి డబ్బాలు, పెన్సిళ్లు సర్దుకుని, మూడు నాలుగు వారాలపాటు రోజూ కాసేపు నడిపే చిన్న కొట్టు గురించి.

ముందు డబ్బు. నిజం నోట్ల, నాణేల నకళ్లు ముద్రించి తేవాలని అందరికీ అనిపిస్తుంది. రెండు, ఐదు, ఇరవై, యాభై, అర్ధరూపాయి... చూడ్డానికి బాగానే ఉంటాయి. స్థానవిలువ నేర్పాల్సిన మొదటి రోజుల్లో ఇవే అడ్డం. దశాంశ పద్ధతి అంతా పదికి ఒకటి అనే ఒక్క మారకం మీద నడుస్తుంది. రెండు అర్ధరూపాయలు కలిస్తే రూపాయి అని తెలిసిన పిల్లవాడికి, పైసల చోట పది నిండితే పక్క గడిలోకి ఒకటి ఎందుకు పోతుందో దానివల్ల తెలియదు. కాబట్టి మొదటి వారం అయిదు రకాల బిళ్లలు చాలు: నూరు రూపాయలు, పది రూపాయలు, రూపాయి, పది పైసలు, పైసా. అట్టముక్కలకు ఒక్కోదానికి ఒక్కో రంగు. వీటిలో ప్రతిదీ తన కుడిపక్కదానికి పదింతలు. తిరిగి ఇచ్చే చిల్లర తేలిగ్గా వచ్చాక, రెండో విడతలో ఐదులు, ఇరవైలు, యాభైలు దించవచ్చు.

గల్లాపెట్టె ఈ కొట్టుకు ప్రాణం. అట్టపెట్టెలో వరసగా అయిదు గడులు చేసి, రూపాయల గడికీ పది పైసల గడికీ మధ్య మార్కరుతో లావుపాటి గీత గీయాలి. దశాంశ బిందువు ఆ గీతే. గడికి తొమ్మిది బిళ్లలే పడతాయి. పదోది వచ్చిందంటే పదింటినీ తీసుకుని బ్యాంకు బల్ల దగ్గరికి వెళ్లి, ఎడమ గడిలో వేసుకోవడానికి ఒకటి తెచ్చుకోవాలి. అవసరమైతే అదే బ్యాంకులో ఒకటిచ్చి పది తెచ్చుకోవచ్చు. ఇంకే మారకమూ లేదు. బ్యాంకు బల్ల దగ్గర ఒకరు, అమ్మేవాళ్లు ఒకరు, గల్లా మీద ఒకరు, పద్దు రాసేవాళ్లు ఒకరు. మిగతా అందరూ కొనేవాళ్లే.

తర్వాత ధర చీటీలు. టీచరు బుర్ర పెట్టాల్సిన చోటు ఇదే. ఊరికే చేతికొచ్చిన ధరలు వేస్తే ఆట సాగిపోతుంది, పాఠం మిగలదు. మొదట్లో 4.50, 3.20 లాంటివి వేస్తే చాలు, పది పైసల గడి అప్పుడప్పుడే తెరుచుకుంటుంది. ఆ తర్వాత పక్కపక్కనే పెన్సిలు 3.50, రబ్బరు 3.05 పెట్టాలి. మూడో రోజు ఒకే సబ్బుకు ఒక కొట్లో 4.5 అనీ, ఎదురు కొట్లో 4.50 అనీ రాసి ఏది చవకో తేల్చుకోమనాలి. యాభై అయిదుకన్నా పెద్దదని వాదించేవాళ్లు తప్పక ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పకుండా, రెండు ధరలకూ బిళ్లలు గడుల్లో పెట్టి చూడమంటే సరి. ఇంకో చీటీ మీద కావాలనే "0.50 పైసలు" అని రాయండి. నిజం దుకాణాల బోర్డుల మీద కూడా కనిపించే తప్పే అది. ఆ లెక్కన వంద కొన్నా అర్ధరూపాయే అవుతుందని ఎవరో ఒకరు పట్టుకుని కొట్టువాడిని ఏడిపిస్తారు.

ఇప్పుడు ఒక బేరం మొదటినుంచీ చూద్దాం. ఒకమ్మాయి 18.40 పెట్టి నోటుపుస్తకం, 3.50కి పెన్సిలు, 3.05కి రబ్బరు తీసుకుంది. మొత్తం 24.95. పది రూపాయల బిళ్లలు ఐదు ఇచ్చింది. తిరిగి ఎంత?

కాగితం మీద 50.00లోంచి 24.95 తీసేయాలంటే వరసగా సున్నాల మీద అప్పు తెచ్చుకోవాలి. చాలామంది పిల్లలు తడబడేది అక్కడే. గల్లా దగ్గర అదే పని చేతులతో జరుగుతుంది. అయిదు పదుల్లో ఒకటి బ్యాంకుకు వెళ్లి పది రూపాయి బిళ్లలై వస్తుంది. వాటిలో ఒకటి పది పైసల బిళ్లలు పదిగా, వాటిలో ఒకటి మళ్లీ పది పైసాలుగా మారతాయి. ఈ మార్పిడికి బల్ల మీద పరిచినప్పుడు మాత్రం గడికి తొమ్మిది అన్న నియమాన్ని కాసేపు సడలించాలి. ఇప్పుడు ఎడమనుంచి నాలుగు, తొమ్మిది, తొమ్మిది, పది ఉన్నాయి. రెండు పదులు, నాలుగు రూపాయలు, తొమ్మిది పది పైసలు, అయిదు పైసాలు తీసేస్తే రెండు పదులు, అయిదు రూపాయలు, పది పైసల గడిలో ఏమీ లేదు, పైసల గడిలో అయిదు. ఆ ఖాళీ గడిని చూపించి "ఇక్కడ ఏం రాస్తావ్?" అని అడగాలి. 25.05లో సున్నా ఎందుకుందో అర్థమవ్వాలంటే ఆ ఖాళీ కళ్లకు కనబడాలి.

పాతకాలపు కిరాణా కొట్టాయన మాత్రం తీసివేత జోలికే పోడు. సరుకు ధర దగ్గర మొదలుపెట్టి పైకి లెక్కిస్తూ చిల్లర చేతిలో పెడతాడు. "ఇరవై నాలుగు తొంభై అయిదు... ఇదిగో అయిదు పైసలు, పాతిక... ఇంకో పది, ముప్పై అయిదు... ఇంకో పది, నలభై అయిదు... అయిదు, యాభై. సరిపోయిందామ్మా?" మొదటి వారం ఈ పద్ధతి వద్దు, అప్పు తెచ్చుకునే పని తప్పిపోతుంది కనక. రెండో వారంలో ఇద్దరు పిల్లల చేత ఒకే బేరం రెండు దారుల్లో చేయిస్తే, ఒకరి జవాబుకు ఇంకొకరి జవాబు సరిచూపు అవుతుంది. నా మటుకు నాకు పైకి లెక్కించడమే ఎక్కువ ఇష్టం. పాతికకు, యాభైకి, నూరుకు ఎంత దూరంలో ఉన్నామో దానివల్ల మనసులో ముద్రపడుతుంది.

కొట్టు మూసే వేళ గల్లా లెక్క తప్పనిసరి. ఎక్కువమంది గంట కొట్టేశారని వదిలేసే భాగం ఇదే, నిజానికి అసలు పరీక్ష ఇదే. పొద్దున గల్లాలో పెట్టిన సొమ్ముకు పద్దులోని రాబడి కలిపి, తిరిగి ఇచ్చిన చిల్లర తీసేస్తే గల్లాలో ఉన్నదానికి సరిపోవాలి. సరిపోదు. ఎంత తేడా వచ్చిందన్నదే టీచరుకు కావాలి.

మన బేరంలో చిల్లర సరిగ్గానే ఇచ్చి, పద్దులో 25.05కు బదులు 25.5 అని రాశారనుకోండి. పద్దు ప్రకారం గల్లాలో ఉండాల్సినదానికన్నా 45 పైసలు ఎక్కువ కనిపిస్తాయి. ఆ 45 తొమ్మిదితో భాగమవుతుంది. పైసల గడిలో ఉండాల్సిన అయిదు, పది పైసల గడిలోకి జరిగితే దాని విలువ పదింతలవుతుంది, అంటే తొమ్మిది అయిదులు అదనంగా చేరతాయి. 18.40ని 14.80 అని అంకెలు తారుమారు చేసి రాసినా అంతే, 360 పైసల తేడా. చీటీ మీద 3 రూపాయలని ఉన్నదాన్ని 18.40 కింద పైసల వరసలో పెట్టి 18.43 చేసినా 297, అదీ తొమ్మిది ఎక్కాలోదే. గుమాస్తాలు చిట్టా సరిపోనప్పుడు తేడాను తొమ్మిదితో భాగించి చూసే పాత కిటుకు ఇదే.

అదే ఒక బిళ్ల కింద పడిపోయినా, బ్యాంకు నుంచి పదికి తొమ్మిదే తెచ్చినా, కూడికలో ఒకసారి చేతిలోది మరిచినా తేడా 1, 10, 100, 1000 లేదా 10000 పైసలుగా వస్తుంది. మన బిళ్లలన్నీ పదుల వరసలోనివి కాబట్టి అలా ఒక్క పొరపాటుతో వచ్చిన తేడా తొమ్మిదితో భాగం కాదు. అంటే తేడా చూడగానే అంకె తప్పు చోట రాశారా, చేతిలో లెక్క తప్పిందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఒకేరోజు పొరపాట్లు అరడజను కలిసిపోతే ఈ కిటుకు పనిచేయదు. అందుకే పది బేరాలకొకసారి గల్లా కట్టించడం మేలు.

ఇంతా చేశాక కూడా డబ్బుతో దశాంశాలు పూర్తిగా రావు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో దశాంశాల విషయంలో పిల్లల ఆలోచనను పరిశీలించిన కే స్టేసీ, విక్కీ స్టైన్లీ ఒక తీరుకు డబ్బు ఆలోచన అని పేరు పెట్టారు. అలా ఆలోచించేవారు 4.45, 4.4502 రెండూ సమానమే అంటారు. పైసల తర్వాత ఏమీ ఉండదు గనక మిగతా అంకెలు వాళ్లకు చెత్త. 4.125, 4.3లలో ఏది పెద్దదన్న ప్రశ్న కూడా కొట్లో ఎప్పుడూ ఎదురుకాదు, ధరలన్నిటికీ బిందువు తర్వాత రెండే అంకెలు కాబట్టి. పైగా పైసా బిళ్ల, రూపాయి బిళ్ల ఒకే పరిమాణంలో ఉంటాయి. వందో వంతు ఎంత చిన్నదో కంటికి ఆనదు. దానికి గళ్ల కాగితం, మీటరు బద్ద కావాలి.

అందుకే నాలుగో వారంలో అదే కొట్లోకి ఒక ఎలక్ట్రానిక్ కాటా తెప్పించాలి. దాని మీద బియ్యం పోస్తే 0.350 అని చూపిస్తుంది. కిలో 48 రూపాయలైతే ఎంత? 16.80. కిలో 47 అయితే 16.45. మరి 0.355 కిలోలైతే? 16.685. ఆ చివరి అయిదుకు మన దగ్గర బిళ్ల లేదు. పైసాలో సగం ఎవరివ్వాలి, కొట్టువాడా, కొనేవాడా అన్న తగవును పిల్లలనే తేల్చుకోనివ్వండి. వాళ్లు పెట్టుకున్న నియమం ఏదైనా, మర్నాడు సూపర్‌మార్కెట్ బిల్లు తెచ్చి, కింద రౌండాఫ్ అన్న వరుసలో ఏం చేశారో చూపిస్తే, దశాంశాల తర్వాతి పాఠం దానంతటదే మొదలవుతుంది.