హాయ్‌కి జవాబు

మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో కొత్తవాళ్లు చాలామంది "హాయ్" అని ఊరుకుంటారు. అడ్మిన్ గారి పనితనం అక్కడే తెలుస్తుంది. నియమాల చిట్టా పంపరు. "మీ గురించి చెప్పండి" అనీ అడగరు. అంత పెద్ద ప్రశ్నకు మొహమాటస్తులు మాయమైపోతారు. ఆయన రాసేది ఇంతే: "రండి రండి! మీ మేడ మీద ఎండ ఎన్ని గంటలు పడుతుంది?"

మొన్న ఒకావిడ "మూడు గంటలేనండీ, టమాటా పూత రాలిపోతోంది" అన్నారు. టమాటాకి ఆరు గంటల ఎండైనా కావాలనీ, ఆ నీడలో పాలకూర, పుదీనా వేసుకోమనీ ఆయన చెప్పారు. వెంటనే పక్క కాలనీ ఆవిడ పుదీనా కాడలు ఇస్తానన్నారు. జవాబివ్వని వాళ్లని మాత్రం ఆయన రెండోసారి కదపరు. "చదువుతుంటారులెండి, మొక్కకి పురుగు పడితే వాళ్లే వస్తారు" అంటారు.