చొక్కా చేతి కింద, నీటి అడుగున

డ్రెస్ వాచీ అందం దాని సన్నదనంలో ఉంది. 1932లో వచ్చిన పటేక్ ఫిలిప్ కలట్రావా కేసు వెడల్పు సుమారు 31 మిల్లీమీటర్లే. అంకెల బదులు గీతలు, సాదా డయల్, తోలు పట్టీ. గుండీ పెట్టిన చొక్కా చేతి కిందికి హాయిగా జారిపోతుంది.

ఫీల్డ్ వాచీ సైనికుడి కోసం పుట్టింది. నల్లటి డయల్ మీద పెద్ద తెల్లటి అంకెలు, చీకట్లో వెలిగే ముళ్లు, మెరుపు లేని కేసు. దాని గుడ్డ పట్టీ నాకు ఎంతో ఇష్టం. ఒకే పట్టీ కేసు వెనకనుంచి దూరి వెళ్తుంది కాబట్టి ఒక పక్క పిన్ను విరిగినా వాచీ కింద పడదు.

ఇక డైవ్ వాచీ. దాని పనితనమంతా డయల్ చుట్టూ తిరిగే రింగులో ఉంది. నీళ్లలోకి దిగేముందు రింగు మీది త్రిభుజాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పుతారు. కాసేపటికి ముల్లు రింగు మీది 20 దగ్గర ఉంటే, దిగి 20 నిమిషాలైనట్టు. ఇప్పటి చాలా డైవ్ వాచీల్లో ఈ రింగు ఎడమవైపుకే తిరుగుతుంది. రాయి తగిలి జరిగితే 20 కాస్తా 25గా కనిపిస్తుంది, ఈతగాడు ముందే పైకి వచ్చేస్తాడు. అదే కుడివైపుకు జరిగితే 15 అనుకుని లోపలే ఉండిపోయేవాడు, గాలి అయిపోయేది. ఇంత ముందుచూపున్న నగ మరొకటి నేను చూడలేదు.

కొనేటప్పుడు రింగును కుడివైపుకు తిప్పి చూడండి, కదలకూడదు. తోలు పట్టీ మాత్రం దీనికి వద్దు, నీటికి పాడవుతుంది. రబ్బరో స్టీలో వేయించండి.