తోకలో హత్య, తలలో చుట్టరికం

ఎస్సెస్సీ సీజీఎల్ ఇంగ్లిష్‌లో వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్ అంటే చాలామంది జాబితాలు బట్టీపడతారు. జాబితాలో లేని పదం వస్తే ఆదుకునేవి లాటిన్, గ్రీకు ధాతువులు. వాటిలో కొన్ని తెలుగువాళ్లకు ముందే తెలుసు.

‘సైడ్’తో ముగిసే పదాలనే చూడండి. లాటిన్‌లో ‘కైదెరే’ అంటే నరకడం, చంపడం. తోక అన్నిటికీ ఒకటే కాబట్టి జవాబు తలలో ఉంటుంది. ప్యాట్రిసైడ్, మ్యాట్రిసైడ్, ఫ్రాట్రిసైడ్‌ల పక్కన పితృ, మాతృ, భ్రాతృ పెట్టి చదవండి. ఈ పోలిక కాకతాళీయం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. తెలుగు ద్రావిడ భాషే అయినా, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు ఇక్కడ అక్కరకొస్తాయి. రెజిసైడ్‌లోని ‘రెక్స్’ కూడా మన రాజుకు చుట్టమే.

‘సొంత సోదరిని చంపడం’ అని ప్రశ్న వచ్చిందనుకుందాం. ఆప్షన్లు ఫిలిసైడ్, ఫ్రాట్రిసైడ్, అక్సోరిసైడ్, సోరోరిసైడ్. ఫ్రాట్రిసైడ్‌లో ఉన్నది భ్రాత. నిఘంటువులు దాన్ని అక్కచెల్లెళ్లకూ వర్తింపజేస్తాయి కాబట్టి వెంటనే కొట్టేయకుండా, ఇంతకంటే సూటి పదం ఉందేమో చూడాలి. ఫిలిసైడ్‌లోని ‘ఫిలియస్’ అంటే కొడుకు. కాలేజీల అఫిలియేషన్‌లో ఉన్నదీ అదే, దాని మొదటి అర్థం దత్తత. ఫ్రాట్రిసైడ్‌ను ప్రస్తుతానికి పక్కన పెడితే మిగిలినవి రెండు. అమెరికాలో చదివినవారికి విద్యార్థినుల సంఘం ‘సోరోరిటీ’ గుర్తొస్తుంది: ‘సోరోర్’ అంటే సోదరి. జవాబు సోరోరిసైడ్. ‘ఉక్సోర్’ అంటే భార్య. ఈ రెండు ధాతువులూ తెలియకపోయినా, రెండు ఆప్షన్లు తగ్గాక ఊహించడం లాభమే. టైర్-1లో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. అంటే రెండింట్లో ఒకటి గుడ్డిగా పెట్టినా సగటున 0.75 మార్కు మిగులుతుంది.

అయితే ఒకేలా కనిపించే ధాతువులు దారి తప్పిస్తాయి. పెడెస్ట్రియన్‌లోని ‘పెడ్’ లాటిన్‌ది, మన పాదానికి బంధువు. పీడియాట్రీషియన్‌లోనిది గ్రీకు ‘పైస్’, అంటే బిడ్డ. పాదాల వైద్యుడి కోసం అడిగితే పీడియాట్రీషియన్‌ను గుర్తించేవాళ్లు ఇందుకే తప్పుతారు. అక్కడ కావలసింది పోడియాట్రిస్ట్. బ్రిటిష్ స్పెల్లింగ్ ఈ తేడాను కాపాడుతుంది: అందులో పిల్లల వైద్యుడి పదంలో ‘పి’ తర్వాత ‘ఎ’, ‘ఇ’ రెండూ రాస్తారు.

కొన్నిచోట్ల ధాతువు సగం దూరమే తీసుకెళ్తుంది. ఫిలాటెలిస్ట్‌లో ‘ఫిలోస్’ ఇష్టాన్ని చెబుతుంది. రెండో సగం ‘అటెలెయా’, అంటే సుంకం లేకపోవడం. స్టాంపు అంటిస్తే ఉత్తరం అందుకున్నవారు డబ్బు కట్టనక్కర్లేదు కనుక, 1864లో ఫ్రాన్స్‌లో జార్జ్ ఎర్పాఁ స్టాంపులు సేకరించే అభిరుచికి ఆ పేరు కట్టాడు. గ్రీకు పండితుడికైనా ఆ కథ తెలియకుండా స్టాంపు తట్టదు. అలాంటి పదాన్ని మాత్రం జాబితాలోంచే నేర్చుకోవాలి.