మళ్లీ వచ్చాయి, ఆరే

ధర్మవరం పట్టుచీరలను ఫోన్‌లో అమ్మేవాళ్లలో కొందరు రాసే నాలుగు లైన్లంటే నాకు ఎంతో గౌరవం. అయిపోయిన చీర మళ్లీ వచ్చిందని చెప్పడం తేలికే. ఎదురుచూసినవాళ్లకు అన్యాయం జరగకుండా చెప్పడమే పనితనం.

మంచి రాత ఇలా ఉంటుంది: "గంధం రంగు, ఎర్రంచు ధర్మవరం పట్టు మళ్లీ వచ్చింది. ఉన్నవి ఆరు. నాలుగు ముందే పేరిచ్చిన వారికి, వరుస ప్రకారం. రేపు సాయంత్రం 6 దాకా వారికోసం ఉంచుతాం. మిగిలిన రెండు ముందు డబ్బు కట్టినవారికి."

ఆరే ఎందుకు? చేతిమగ్గం మీద ఒక పడుగుకు మూడు చీరలు దిగితే, రెండు పడుగులకు ఆరే. ఆ కారణాన్నీ ఒక్క వాక్యంలో చెబితే, కొరత కావాలని సృష్టించింది కాదని కొనేవారికి అర్థమవుతుంది. "త్వరపడండి" అన్న మాటే అక్కర్లేదు.

చెడేది ఎక్కువగా రంగు దగ్గరే. కొత్తగా అద్దిన పట్టు పాతదానితో అచ్చంగా కలవదు. పాత ఫోటోనే మళ్లీ పెడితే చీర తిరిగొస్తుంది. అందుకే నేర్పరి పగటి వెలుగులో కొత్త ఫోటో తీసి, "ఈసారి గంధం కొంచెం ముదురు" అని రాస్తాడు. ఆ మాటతో ఒకరిద్దరు తప్పుకోవచ్చు. వాళ్ల చీర వరుసలో తర్వాతివారికి వెళ్తుంది.

ఆరూ అమ్ముడైన వెంటనే "అయిపోయాయి" అని అదే పోస్టులో రాయండి. దూరం నుంచి ఆశగా ఫోన్ చేసేవారికి మీరు చేయగల మేలు అదే.